అక్సా గాడిద దిగిన రోజు

తార్నాక చౌరస్తాలో పొద్దున్నే టిఫిన్ బండి దగ్గర కాసేపు నిలబడి వినండి. "ఉల్లిదోసె, బాగా ఎర్రగా కాల్చు." "ఇడ్లీ మీద సాంబారు పోయకు, వేరే గిన్నెలో ఇవ్వు." "పల్లీ చట్నీ ఇంకొంచెం వెయ్యి భయ్యా." యూనివర్సిటీలో నడక ముగించుకొని వచ్చిన పెద్దాయన, హాస్టల్ పిల్లలు, మెట్రో కోసం పరుగెత్తే ఉద్యోగులు, అందరిదీ ఇదే వరస. పేరైనా తెలియని మనిషిని ఇంత కచ్చితంగా అడుగుతాం. మన ముఖం చూసి మనకేం కావాలో అతనే కనిపెట్టాలని ఎవరూ కాచుకొని కూర్చోరు. కనిపెట్టలేదని ఎవరూ అలగరు.

అదే మనిషి ఇంటికి వెళ్లి, ఏళ్ల తరబడి తన పక్కనే బతుకుతున్న మనిషి ముందు నోరు మెదపలేడు.

ప్రియ స్నేహితురాలా, స్నేహితుడా, ఈ పొద్దున మీరు నిద్ర లేచింది అలసటతోనే కదా? నిన్న రాత్రి "ఏమైంది?" అని అడిగితే "ఏం లేదు" అన్నారు కదా? ఆ "ఏం లేదు" వెనక ఎంత ఉందో దేవునికి తెలుసు. మీ పక్కన పడుకున్న మనిషికి మాత్రం తెలియదు. ఈ రోజు ఆ సంగతే మాట్లాడుకుందాం.

అడగందే అమ్మయినా పెట్టదని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. కానీ పెళ్లి దగ్గరికి వచ్చేసరికి ఆ సామెత మనకు పనికిరాదు. "అడిగి చేయించుకుంటే అందులో ఏముంది? ప్రేమ ఉంటే తెలుసుకోడా?" అంటాం. వినడానికి అది ఆత్మాభిమానంలా ఉంటుంది. కాస్త లోపలికి తొంగిచూస్తే అక్కడ ఉన్నది భయం. కాదంటారేమోనన్న భయం. "ఇంత చిన్నదానికా!" అంటారేమోనని, అడిగితే లోకువైపోతామేమోనని.

అన్నిటికంటే అడుగున ఇంకొకటి ఉంది. అడిగాక కూడా చెయ్యకపోతే అప్పుడేమిటి? అడగనంత కాలం "పాపం, తెలియక చెయ్యలేదు" అని మనకు మనమే సర్దిచెప్పుకోవచ్చు. అడిగిన తర్వాత ఆ సాకు ఉండదు. అందుకే చాలామంది జవాబు వినడం కంటే ఆశతో ఊరికే ఉండడమే మేలనుకుంటారు. ఆ ఆశ కొన్నాళ్లకు కోపంగా మారుతుంది, మరి కొన్నాళ్లకు మౌనంగా మారుతుంది.

మన సంఘాలకూ ఇందులో వంతు ఉందని నా అభిప్రాయం. నోరెత్తని భార్యను సాత్వికురాలని మెచ్చుకుంటాం. బరువంతా మోస్తూ కిక్కురుమనని భర్తను విశ్వాస వీరుడంటాం. సాత్వికం మంచిదే, నోరు కట్టేసుకోవడం మాత్రం సాత్వికం కాదు.

ఒక ఇంటిని ఊహించుకోండి. తార్నాక వీధుల్లో ఇలాంటి ఇళ్లకు కొదవ లేదు. మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో రెండో అంతస్తులో అద్దె ఇల్లు. భర్త రాయదుర్గంలోని ఆఫీసుకు వెళ్తాడు, వారంలో రెండు రోజులు ఇంటి నుంచే పని. పాప యూకేజీ. భార్య ఉస్మానియాలో పీహెచ్‌డీ చేస్తోంది. ఫీల్డ్ వర్క్ అయిపోయింది, రాయడమే మిగిలింది. ఆ రాయడానికే సమయం దొరకడం లేదు. పగలు వంట, పాప స్కూలు, పాప హోంవర్కు. రాత్రి పదింటికి ల్యాప్‌టాప్ తెరిస్తే కళ్లు మూతలు పడతాయి. యూనివర్సిటీ లైబ్రరీకి ఆటోలో పది నిమిషాలు పట్టదు. అక్కడ వారానికి రెండు పూటలు నిశ్చింతగా కూర్చోగలిగితే ఒక్కో అధ్యాయం తెములుతుందని ఆమెకు తెలుసు.

ఆ మాట మాత్రం ఆమె ఎన్నడూ చెప్పలేదు. చెప్పినవి వేరే. "గైడ్ గారు మళ్లీ ఫోన్ చేశారు." "నా బ్యాచ్‌లో అందరూ సబ్మిట్ చేసేశారు." "నా చదువు ఇంక అయినట్టే లెండి." ఒక్కోసారి ల్యాప్‌టాప్ మూత కాస్త గట్టిగా మూసేది. తన లెక్కలో ఇవన్నీ అడగడమే.

అతను పట్టించుకోలేదా అంటే, పట్టించుకున్నాడు. ఆమె దిగులుగా ఉందని గమనించాడు. బేకరీ నుంచి దిల్‌పసంద్, ఉస్మానియా బిస్కెట్లు తెచ్చాడు. "ఆదివారం ఎటైనా వెళ్లొద్దామా?" అన్నాడు. చివరికి ఒక రాత్రి, నిజంగా జాలిపడి, "ఇంత కష్టమైతే మానెయ్యి. నిన్నెవరు అడుగుతున్నారు?" అన్నాడు. అతని లెక్కలో అది ప్రేమ. ఆమెకు మాత్రం గుండెలో గుచ్చుకుంది. ఆ రాత్రి ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. ఏం తప్పు మాట్లాడాడో అతనికి తెలియలేదు.

హన్నా భర్త ఎల్కానా గుర్తొస్తున్నాడా? భార్య ఏడుస్తుంటే ఆమెకు ఎక్కువ వంతు వడ్డించిన మనిషి. తానుండగా ఆమెకు కొడుకుల లోటేమిటని అడిగిన మనిషి. ప్రేమలో లోటు లేదు, ఊహే తప్పింది.

అలా తప్పడం ఎంత మామూలో అమెరికాలో కెనెత్ సావిట్స్‌కీ, నికొలస్ ఎప్లీ, వాళ్ల తోటి పరిశోధకులు 2011లో అచ్చయిన ఒక అధ్యయనంలో చూపించారు. భార్యాభర్తలను ఒకరికొకరు వీపులు పెట్టి కూర్చోబెట్టారు. నాలుగు రకాలుగా అర్థం చేసుకోగల రోజువారీ మాట ఒకటి ఒకరు అనాలి. ఏ అర్థంలో అన్నారో రెండో వాళ్లు చెప్పాలి. అపరిచితుల మాటలు ఎంత బాగా పట్టుకున్నారో, జీవిత భాగస్వామి మాటలూ అంతే పట్టుకున్నారు, అంతకు మించి కాదు. కానీ చెప్పేవాళ్లు మాత్రం "మా ఆయనకు అర్థమై ఉంటుంది, మా ఆవిడకు అర్థమై ఉంటుంది" అని గట్టిగా నమ్మారు. దగ్గరితనం వల్ల అర్థం చేసుకునే శక్తి పెరగలేదు, అర్థమైపోయిందన్న ధీమా పెరిగింది. గట్టిగా మూసిన ల్యాప్‌టాప్ మూతకు "మంగళవారం లైబ్రరీకి వెళ్లాలి" అని అర్థమని ఎవరు చెప్పగలరు?

ఇప్పుడు అక్సా దగ్గరికి వద్దాం. ఆదివారం ప్రసంగాల్లో ఆమె పేరు అంతగా వినపడదు. యెహోషువ గ్రంథం 15వ అధ్యాయంలో ఉంది, న్యాయాధిపతులు 1వ అధ్యాయంలో మళ్లీ ఉంది. రెండు చోట్లా నాలుగైదు వచనాలే.

అక్సా కాలేబు కూతురు. కిర్యత్సేఫెరును పట్టుకున్నవాడికి కూతుర్నిస్తానని కాలేబు మాట ఇచ్చాడు, ఒత్నీయేలు పట్టుకున్నాడు, పెళ్లయింది. ఆ కాలపు పద్ధతి మనకు నచ్చాల్సిన పని లేదు, నాకైతే నచ్చదు. ఆ తర్వాత జరిగింది చూడండి. ఆమెకు వచ్చిన భూమి దక్షిణపు భూమి, వాన తక్కువ, నీటికి కటకట. మొదట ఆమె కూడా మనలాగే చేసింది. తన తండ్రిని ఒక పొలం అడగమని భర్తను పురికొల్పింది. భర్త అడిగాడో లేదో బైబిల్ చెప్పదు. ఆ తర్వాత ఆమే తండ్రి దగ్గరికి వచ్చి గాడిద దిగింది. కాలేబు ఆమెను చూసి, నీకేం కావాలని అడిగాడు.

"ఏం లేదు నాన్నా, ఊరికే వచ్చాను" అనడానికి అంతకంటే మంచి అవకాశం ఉంటుందా? ఆమె అలా అనలేదు. తండ్రి తనకిచ్చింది దక్షిణ భూమి అని చెప్పింది, దానితో పాటు నీటి మడుగులు కూడా కావాలని అడిగింది. కాలేబు మెరక మడుగులు, పల్లపు మడుగులు ఇచ్చాడు. కథ అంతే.

కాలేబు చెడ్డ తండ్రి కాడు, పిసినారి కాడు. అడగగానే ఇచ్చాడంటే ఇచ్చే మనసు ముందు నుంచీ ఉన్నట్టే. ఆ ప్రాంతం అతనికి కొత్త కూడా కాదు, యుద్ధం చేసి సంపాదించింది. అయినా నీటి సంగతి అతనికి తట్టలేదు. ఆ నేల మీద కాపురం చెయ్యాల్సింది అతను కాదు కదా. ఎండాకాలం కుండ ఖాళీ అయితే తెలిసేది అక్సాకే. కాబట్టి చెప్పాల్సిందీ ఆమే. మీ ఇంట్లో మీకు దేని కొరత ఉందో ముందుగా తెలిసేదీ మీకే. పక్కవాళ్లకు తట్టలేదంటే ప్రేమ లేదని వెంటనే తీర్పు ఇచ్చేయకండి. వాళ్లు ఆ నేల మీద నిలబడి లేరు, అంతే కావచ్చు.

అక్సా అడిగిన తీరు కూడా చూడండి. ఇచ్చింది ఒప్పుకుంది, తర్వాత లేనిదేదో పేరు పెట్టి చెప్పింది. "నా మీద మీకెప్పుడూ ప్రేమ లేదు" అనలేదు, "ఏదో ఒకటి ఇవ్వండి" అని కూడా అనలేదు.

మన తార్నాక చెల్లెలు ఇదే పని ఎలా చేస్తుందో చూద్దాం. ఒక జిరాక్స్ కాగితం వెనక, చెప్పాలనుకున్నది రాసుకుంది. మొదట రాసింది: "మీరెప్పుడూ నా చదువు పట్టించుకోరు." చదువుకుని కొట్టేసింది. అది ఫిర్యాదు. విన్నవాడు తాను ఎప్పుడెప్పుడు పట్టించుకున్నాడో లెక్క చెప్పడం మొదలుపెడతాడు, మాట అక్కడే ఆగిపోతుంది. రెండోసారి: "నాకు కాస్త హెల్ప్ చెయ్యండి." ఇది మెరుగే, కానీ అతను ఆ రాత్రి గిన్నెలు తోమేసి, అడిగింది చేసేశాననుకుంటాడు. మూడోసారి ఇలా రాసింది: "వచ్చే మూడు నెలలు మంగళవారం, గురువారం సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా నేను లైబ్రరీలో కూర్చుని రాసుకోవాలి. ఆ రెండు రోజులు మీరు ఇంట్లోనే ఉంటారు కాబట్టి పాపను చూసుకుని అన్నం పెడతారా?" ఇందులో ఏ రోజో ఉంది, ఎంతసేపో ఉంది, ఎన్నాళ్లో ఉంది, అతను చెయ్యాల్సిందేమిటో ఉంది. అవునో కాదో చెప్పడానికి వీలైన మాట.

ఎప్పుడు అడగాలి? అతను మెట్రో దిగి చెమటతో తలుపు దగ్గర చెప్పులు విప్పుతున్నప్పుడు కాదు. పోట్లాట మధ్యలో అసలే కాదు. ఆదివారం చర్చి నుంచి వచ్చి భోంచేశాక, పాప నిద్రపోయిన వేళ. "మీతో ఒక పది నిమిషాలు మాట్లాడాలండీ" అని ముందే చెప్పి కూర్చుంది.

అడిగింది. అతను వెంటనే ఏమీ అనలేదు. కష్టమంతా ఆ కాస్త నిశ్శబ్దంలోనే ఉంటుంది. మనలో చాలామంది అక్కడే జారిపోతాం. జవాబు రాకముందే "పర్వాలేదు లెండి, కుదరకపోతే వదిలేయండి" అని మన మాట మనమే వెనక్కి తీసుకుంటాం. వారం తర్వాత, అడిగినా చెయ్యలేదని బాధపడతాం. ఆ నిశ్శబ్దం మీ వంతుకు వచ్చినప్పుడు మనసులో ప్రభువు పేరు తలచుకోండి, నోరు మాత్రం తెరవకండి. అతన్ని ఆలోచించుకోనివ్వండి.

అతను అన్న మొదటి మాట: "ఇది ముందే చెప్పొచ్చుగా!" ఆమెకు చిర్రెత్తుకొచ్చింది. రాదా మరి, ఆరు నెలల నుంచి చెబుతూనే ఉన్నాననుకుంటోంది కదా. కానీ అతని ముఖంలో నిజంగానే ఆశ్చర్యం ఉంది. తర్వాత అన్నాడు: "మంగళవారం ఓకే. గురువారం ఆరున్నరకి నాకు అమెరికా వాళ్లతో కాల్ ఉంటుంది. పాప పక్కనుంటే కుదరదు. శనివారం మధ్యాహ్నం వెళ్తావా?" ఇది కాదనడం కాదు, బేరం. గురువారం పోయినందుకు చిన్నబుచ్చుకోకుండా ఆమె శనివారానికి ఒప్పుకుంది. చివర్లో ఇద్దరూ ఒకసారి గట్టిగా చెప్పుకున్నారు: మంగళవారం ఐదు నుంచి ఎనిమిది, శనివారం రెండు నుంచి ఐదు. తాను అడిగినదేమిటో అతని నోటితో తిరిగి వినేదాకా ఆమె లేవలేదు. అడిగింది చేరిందనడానికి అదే గుర్తు.

అంతటితో అంతా చక్కబడిందనుకోకండి. మూడో మంగళవారం అతను మరిచిపోయి ఐదింటికి మీటింగ్ పెట్టుకున్నాడు. "నాకు ముందే తెలుసు" అన్న మాట ఆమె నాలుక చివరి దాకా వచ్చింది. దాన్ని మింగి, "ఈ వారం మంగళవారం పోయిందండీ, బదులుగా బుధవారం ఇస్తారా?" అని అడిగింది. ఫ్రిజ్ మీది క్యాలెండర్లో ఆ రోజులకు ఎర్ర గీత పెట్టారు. అడగడం ఒక్కసారితో అయ్యే పని కాదు. రెండోసారి అడగాల్సి వస్తే మొదటిసారి ఓడిపోయినట్టు కాదు.

కొన్నాళ్లకు ఎలా తెలుస్తుంది, దారిలో పడ్డామని? అతనే "ఇవాళ మంగళవారం కదా, బయల్దేరు" అంటే తెలుస్తుంది. తనకు కావాల్సింది అతను కూడా నోరు తెరిచి అడగడం మొదలుపెడితే ఇంకా బాగా తెలుస్తుంది. మగవాళ్లకు ఈ భయం లేదనుకుంటాం కానీ, "ఉద్యోగం విషయంలో నాకు దిగులుగా ఉంది, కాసేపు నా పక్కన కూర్చో" అని భార్యను అడగలేని భర్తలు ఎందరో.

తేటగా, మర్యాదగా, మళ్లీ మళ్లీ అడిగినా ఏదీ మారకపోతే, సమస్య ఊహించలేకపోవడం కాదని అర్థం. అప్పుడు మీరిద్దరూ నమ్మే పెద్దవారినో, కౌన్సిలర్‌నో కలుపుకోవాలి. ఇక, నోరు తెరిస్తే చెయ్యి లేస్తుందని భయపడే ఇంట్లో మీరుంటే, ఈ ధ్యానంలో చెప్పిన పద్ధతి మీకు కాదు. ఇంకా నెమ్మదిగా అడగండి, ఇంకా ఓర్చుకోండి అని దేవుని పేరుతో ఎవరైనా అంటే నమ్మకండి. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యండి. మీరు క్షేమంగా ఉండాలన్నదే మీ తండ్రి కోరిక.

అడగడం సిగ్గుపడాల్సిన పనైతే యేసు అడిగేవాడా? గెత్సేమనే తోటలో ఆ రాత్రి ఆయన తన స్నేహితులు కనిపెట్టాలని చూడలేదు. తన ప్రాణం ఎంత దుఃఖంలో ఉందో చెప్పాడు. ఇక్కడే ఉండి, తనతో కూడా మెలకువగా ఉండమని అడిగాడు. ఎక్కడ ఉండాలో, ఏం చెయ్యాలో తేటగా చెప్పాడు. వాళ్లు నిద్రపోయారు. వచ్చి చూసి, లేపి, మళ్లీ అడిగాడు. మళ్లీ నిద్రపోయారు. అడిగినా దొరకకపోవడం ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. ఆ మనుషులను ఆయన వదిలెయ్యలేదు, అడిగినందుకు సిగ్గుపడనూ లేదు. వాళ్లు నిద్రపోతున్నా తండ్రితో ఆయన మాట సాగుతూనే ఉంది.

అందుకే భయపడకండి. మీ భర్త జవాబు మీదనో, భార్య జవాబు మీదనో మీ విలువ ఆధారపడి లేదు. మీరు అడగకముందే మీకేం కావాలో ఎరిగిన తండ్రి ఒకరున్నారు. అన్నీ తెలిసిన ఆయన కూడా మనల్ని నోరు తెరిచి అడగమన్నాడు. మరి ఏమీ తెలియని మన తోటి మనిషికి చెప్పకుండా ఎలా? ముందు ఆయన దగ్గర ఆ మాట పలికి చూడండి. తడబడినా, ఏడుపొచ్చినా, ఆయన దగ్గర పర్వాలేదు. అక్కడ ఒకసారి పలికిన మాట, వంటింట్లో పలకడం కాస్త తేలికవుతుంది.

ఈ రోజు ఒక్క పని చేద్దాం. మీకున్న అవసరాలన్నీ కాదు, ఒక్కటి ఎంచుకోండి. మరీ పెద్దది వద్దు. ఏ రోజు, ఎంతసేపు, ఎదుటి మనిషి చెయ్యాల్సింది ఏమిటి అనేవి ఉండేలా ఒక వాక్యం రాసుకోండి. "ఎప్పుడూ", "ఎన్నడూ" అనే మాటలుంటే కొట్టేయండి. తర్వాత ఇలా ప్రార్థించండి: "తండ్రీ, నాకు ఫలానాది కావాలి. అడగడానికి భయంగా ఉంది. అవునన్నా కాదన్నా నువ్వు నాతో ఉన్నావని గుర్తు చెయ్యి. కాదంటే కోపం తెచ్చుకోకుండా, ఎప్పుడు కుదురుతుందో అడిగే ఓపిక ఇవ్వు. ఆయన నన్ను అడగలేకపోతున్నదేదైనా ఉంటే, ఆమె నన్ను అడగలేకపోతున్నదేదైనా ఉంటే, అది వినడానికి నన్ను కుదురుగా కూర్చోబెట్టు. ఆమేన్."

రాత్రి భోజనాలయ్యాక పది నిమిషాలు అడిగి తీసుకోండి. రాసుకున్న వాక్యం మరిచిపోతారనిపిస్తే, కాగితం చూసి చదివినా తప్పు లేదు.